ఒకే నీడవాళ్లు

ఉర్దూలో పొరుగింటాయన అనడానికి రెండు మాటలున్నాయి. పడోసీ అనేది అందరూ వాడేది, హిందీ సినిమాల వల్ల మనకూ బాగా తెలిసినదే. రెండోది హమ్‌సాయా. ఇది ఫారసీ నుంచి వచ్చింది. హమ్ అంటే కలిసి, ఒకటిగా. హమ్‌దర్ద్‌లో ఉన్న హమ్ ఇదే, ఎదుటివాడి నొప్పిలో పాలుపంచుకునేవాడు హమ్‌దర్ద్. సాయా అంటే నీడ. మనం ఛాయ అంటామే, ఆ మాటా సాయా ఒకే మూలం నుంచి పుట్టినవి. కాబట్టి హమ్‌సాయా అంటే ఒకే నీడలో ఉండేవాడు. ఒక గోడ నీడో ఒక చెట్టు నీడో ఇద్దరి ఇళ్ల మీదా పడుతుంది. ఆ నీడే వాళ్లిద్దరికీ చుట్టరికం.

హైదరాబాద్‌లో ఉర్దూ నేర్చుకుంటున్న రోజుల్లో ఈ మాటకు అర్థం తెలియగానే నాకొక కథ తోచింది. రెండిళ్లు, మధ్యలో ఒక లోగిలి, లోగిట్లో ఒక మామిడి చెట్టు. మా మాస్టారికి చెబితే, "రాయండి మియాఁ, కానీ పాత ఉర్దూలో రాయండి. కోపం వచ్చినా గొంతు లేవని ఉర్దూలో" అన్నారు. ఆరు పేజీల కథకు నాలుగు నెలలు పట్టింది. మామిడి చెట్టు గురించి, పాతకాలం మనుషుల మాట తీరు గురించి ఆ నాలుగు నెలల్లో తెలుసుకున్న సంగతులు ఇప్పటికీ నాకు ఇష్టమైనవి. ఆ కథనే ఇక్కడ విప్పి చూపిస్తాను.

పాత ఉర్దూ అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఫారసీ సమాసాలు, బరువైన మాటలు. అలా రాయాలనుకోవడం మొదటి పొరపాటు. ఉర్దూ వచనంలో 2 దారులు 19వ శతాబ్దం మొదట్లోనే విడిపోయాయి. కలకత్తా ఫోర్ట్ విలియం కాలేజీలో ఉద్యోగం చేసిన మీర్ అమ్మన్ తన 'బాగ్-ఒ-బహార్'ను ఢిల్లీ జనం ఇళ్లలో, వీధుల్లో మాట్లాడుకునే భాషలో రాశారు. 1804లో అది అచ్చయింది. తర్వాత కొన్నేళ్లకు లక్నోకు చెందిన రజబ్ అలీ బేగ్ సురూర్ 'ఫసానా-ఎ-అజాయిబ్' రాశారు. అందులో వాక్యానికి వాక్యం ప్రాస పడుతూ, నగలు పెట్టుకున్న పెళ్లికూతురిలా నడుస్తుంది వచనం. మీర్ అమ్మన్ శైలిని సురూర్ తన ముందుమాటలో ఎత్తిపొడిచారు కూడా. సురూర్ పుస్తకానికి దాని అందం దానికుంది. కానీ ఇద్దరు ముసలివాళ్లు మామిడిపండ్ల మీద అలిగే కథకు మీర్ అమ్మన్ దారే తగినది. తర్వాత ఆ దారిని ఇంకా సాఫు చేసినవాడు గాలిబ్. ఆయన ఉత్తరాల సంపుటాలు 1868, 1869లలో వచ్చాయి. ఎదురుగా కూచుని కబుర్లు చెబుతున్నట్టుంటాయి ఆ ఉత్తరాలు. మామిడిపండంటే ఆయనకు ప్రాణమని కూడా వాటిలో తెలుస్తుంది.

నేను ఎంచుకున్న చోటు లక్నో, కాలం 1930ల నాటిది. ఒక పాత హవేలీని సగం ఎప్పుడో ఎవరో అమ్మేసుకున్నారు. తూర్పు భాగంలో మీర్ సాహిబ్, చిన్న జమీందారీ కరిగిపోగా మిగిలిన పెద్దమనిషి. పడమటి భాగంలో మున్షీజీ, కచేరీలో దస్తావేజులు రాసి విశ్రాంతి తీసుకుంటున్న కాయస్థుడు. అప్పటికి ఆ ప్రాంతపు కోర్టుల్లో ఉర్దూ నడిచేది, కాయస్థులు తరాలుగా ఫారసీ, ఉర్దూ చదువుకునేవారు. అందుకే మున్షీజీ ఉర్దూ మీర్ సాహిబ్ ఉర్దూకు ఏమాత్రం తీసిపోదు.

ఇంటి నడుమ విశాలమైన ఆంగన్. మన మండువా లోగిలిలాగే దాని చుట్టూ గదులు, గదుల ముందు దాలాన్ అనే వసారా. వీధి వైపు డేవ్‌ఢీ, అదే హైదరాబాద్‌లో మనం దేవిడీ అనేది. హవేలీ పంచుకున్నప్పుడు ఆంగన్ నడిమి నుంచి గోడ లేపారు. రెండు వైపుల నుంచీ గోడ వచ్చి మామిడి చెట్టు మొదలు దగ్గర ఆగింది. చెట్టే గోడలో ఒక భాగమైంది. మొదలు లావెక్కుతున్నకొద్దీ ఇటుకలు కదిలి, జానెడు సందు పడింది. ఆ సందులోంచి చూస్తే అటువాళ్లకు ఇటువాళ్ల తఖ్త్, నీళ్ల సురాహీ కనబడతాయి. ఆడవాళ్ల రాకపోకలకు గోడకు ఒక చిన్న తలుపుంది. దాన్ని ఖిడ్‌కీ అనేవారు. పరదా పాటించే ఇళ్లలో వీధిలోకి అడుగు పెట్టకుండా ఆడవాళ్లు ఇంటి నుంచి ఇంటికి వెళ్లడానికి ఇలాంటి తలుపులు ఉండేవి.

చెట్టు తుఖ్మీ, అంటే విత్తు నుంచి మొలిచింది. తుఖ్మ్ అంటే విత్తనం. అంటు కట్టినదాన్ని కలమీ అంటారు. లక్నో పక్కనే ఉన్న మలీహాబాద్ తోటలనిండా దసేరీ అంటు చెట్లే. తుఖ్మీ పండు మన నాటు రసాల్లాంటిది. చిన్నగా, పీచుతో, రసంతో నిండి ఉంటుంది. కోసుకుని తినేది కాదు, మెత్తగా పిసికి ముచిక దగ్గర చిల్లు చేసి జుర్రుకునేది. తినబోయే ముందు బకెట్టు నీళ్లలో వేసి ఉంచుతారు, వేడి తగ్గుతుంది, ముచిక దగ్గరి సొన కడుక్కుపోతుంది.

కథకు కావలసిన తగవును చెట్టే ఇచ్చింది. మామిడి ఏడు విడిచి ఏడు కాస్తుందని మన రైతులందరికీ తెలుసు. అయితే ఒక్కోసారి చెట్టు మొత్తం ఒకే పద్ధతిలో నడవదు. ఒక పక్క కొమ్మలు ఈ ఏడు కాస్తే, ఇంకో పక్క కొమ్మలు పై ఏడు కాస్తాయి. కాసిన కొమ్మ తన బలమంతా కాయకే పెట్టేస్తుంది. కోత అయ్యాక కొత్త రెమ్మ వేయడం ఆలస్యమవుతుంది. ఆ రెమ్మ చలికాలానికి ముదరదు. ముదరని రెమ్మకు పూత రాదు. ఆ ఏడు అది రాగిరంగు చిగురు వేసి ఊరుకుంటుంది.

నా కథలో ఆ సంవత్సరం మీర్ సాహిబ్ వైపు కొమ్మలు పిందెలతో వంగిపోయాయి. మున్షీజీ వైపు ఉత్త చిగురే. కాన్పూరులో అత్తవారింట ఉన్న కూతురికి ప్రతి ఏడూ మొదటి బుట్ట పంపే మున్షీజీకి ఈసారి పంపడానికి పండు లేదు. అడిగితే మీర్ సాహిబ్ చెట్టంతా దులిపి ఇస్తాడు. కానీ అడగడమనేది ఆ ఇద్దరి మధ్య ఎన్నడూ లేదు.

ఒక మధ్యాహ్నం గోడ సందులోంచి మున్షీజీ కంట్లో ఒక దృశ్యం పడింది. పండ్లు కొనే కుంజ్‌డా ఒకడు మీర్ సాహిబ్ ఆంగన్‌లో నిలబడి, తల పైకెత్తి, వేలితో కొమ్మలు లెక్కపెడుతున్నాడు. వాణ్ణి లోపలికి రానిచ్చినవాడు మీర్ సాహిబ్ కొడుకు. మీర్ సాహిబ్ లోపల నిద్రలో ఉన్నాడు. ఆయనకేమీ తెలియదు. మున్షీజీకి మాత్రం కాపు అమ్ముడైపోయిందనే అనిపించింది.

ఆ సాయంత్రం ఆంగన్‌లో నీళ్లు చల్లి, తఖ్త్‌లు వేసుకుని ఇద్దరూ ఎప్పటిలా కబుర్లకు కూచున్నారు. మున్షీజీ చిరునవ్వుతో అన్నాడు: "సునా హై ఇస్ సాల్ ఆప్ కే దరఖ్త్ పర్ ఖూబ్ బహార్ ఆయీ హై. ముబారక్ హో." ఈ ఏడు మీ చెట్టుకు మంచి కళ వచ్చిందని విన్నాను, శుభాకాంక్షలు, అని.

ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు వారం పట్టింది. పైకి చూస్తే ఇందులో తప్పుపట్టడానికి ఏముంది? మర్యాదగా ఉంది, దీవెన కూడా ఉంది. దెబ్బ ఉన్నది 'ఆప్ కే' దగ్గర. 30 ఏళ్లుగా ఆ ఇద్దరూ దాన్ని చెట్టు అనో, మన చెట్టు అనో అన్నారు. మొదటిసారి అది 'మీ చెట్టు' అయింది. ఉర్దూలో తూ, తుమ్, ఆప్ అని మూడు మెట్లున్నాయి, మన నువ్వు, మీరు, తమరు లాగా. ఆప్ అన్నిటికన్నా గౌరవమైన మెట్టు. ఆ గౌరవమే ఇక్కడ ఇద్దరి మధ్య గోడ కట్టింది. మన ఇళ్లలో కూడా బాగా అలిగిన వదిన హఠాత్తుగా "మీరు పెద్దవారు, మీ ఇష్టం" అంటుందే, ఆ గొంతు తెలిసినవాళ్లకు ఈ వాక్యం విడమరచనక్కర్లేదు. రెండోది 'సునా హై', విన్నాను అనడం. చెట్టు తన నెత్తి మీదే ఉంది. దాని కాపు గురించి ఇంకెవరో చెబితే విన్నానంటే, చూసే హక్కు కూడా నాకు లేదన్నమాట.

పాత మర్యాదలో ఉన్న పెద్ద చిక్కు ఇక్కడే బయటపడుతుంది. మున్షీజీ ఏ నిందా వేయలేదు. వేయని నిందకు మీర్ సాహిబ్ జవాబెలా చెబుతాడు? "నేను అమ్మలేదు" అంటే, అమ్మావని నువ్వనుకున్నావని ఎదుటివాణ్ణి తప్పు పట్టినట్టవుతుంది. అందుకని ఆయన కూడా నవ్వి, "ఆప్ కీ దుఆ హై" అన్నాడు. అంతా మీ దీవెన. ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర లేదు. ఈ భాష మనుషుల్ని దెబ్బలాట నుంచి కాపాడుతుంది. నిజమే. కానీ ఎదురెదురుగా కూచుని తేల్చుకోగలిగే సంగతిని గుండెలో పెట్టుకుని మోసేలా కూడా చేస్తుంది. ఈ రెండోది చూపించకపోతే పాతకాలం అంతా పన్నీరే అన్నట్టుంటుంది కథ. అది అబద్ధం.

ఇక్కడ కొంచెం ఆగి, ఈ మర్యాద భాష ఎలా పనిచేస్తుందో చెప్పాలి. ఉర్దూలో 'అనడం' అన్న పనికి వేరువేరు క్రియలున్నాయి. ఎదుటివాడు ఏదైనా అంటే ఫర్మానా, నేను ఏదైనా అంటే అర్జ్ కర్‌నా. తెలుగువాళ్లకు ఈ రెండూ కొత్త కావు. నిజాం నవాబు జారీ చేసేది ఫర్మానా, మనం పెట్టుకునేది అర్జీ. ఇద్దరు మామూలు మనుషులు మాట్లాడుకుంటున్నా, ప్రతివాడూ ఎదుటివాణ్ణి ఫర్మానా ఇచ్చే కుర్చీలో కూచోబెట్టి, తాను అర్జీ పట్టుకుని నిలబడతాడు. మరుక్షణం ఆ ఎదుటివాడూ అదే చేస్తాడు. మన పాత తెలుగులో కూడా ఈ జతలుండేవి. తమరు సెలవివ్వండి, నేను మనవి చేసుకుంటాను. తష్రీఫ్ లాయియే అంటే అచ్చంగా మన దయచేయండి.

ఇల్లు కూడా అంతే. మీది దౌలత్‌ఖానా, అంటే సంపద కొలువైన ఇల్లు. నాది గరీబ్‌ఖానా, పేదవాడి కొంప. దవాఖానా, కార్ఖానాలలో ఉన్న ఖానాయే ఇది. నేను అనే చోట బందా, ఖాక్‌సార్ అంటారు. దాసుడు, ధూళిలాంటివాడు అని. కొత్తగా రాసేవాళ్లు తడబడేది ఈ దిక్కుల దగ్గరే. "మైఁ నే ఫర్మాయా" అని రాస్తే, తెలుగులో "నేను సెలవిచ్చాను" అన్నట్టుంటుంది. "ఆప్ కా గరీబ్‌ఖానా" అంటే మీ పేద కొంప అని అవతలివాడి మొహానే అన్నట్టు. మాటలన్నీ గొప్పవే, దిక్కు తప్పితే తిట్టయిపోతాయి. మా మాస్టారు నా చిత్తుప్రతి చదివేటప్పుడు ప్రతి క్రియ కిందా పెన్సిల్‌తో బాణం గుర్తు వేసేవారు, పైకో కిందికో. బాణాలు సరిగ్గా ఉంటే కథలో ఎవరు మాట్లాడుతున్నారో పేరు చెప్పకుండానే తెలుస్తుందనేవారు.

మళ్లీ కథలోకి. మగవాళ్లు మూగబోయిన చోట ఆడవాళ్లు ఖిడ్‌కీ తీశారు. వాళ్ల ఉర్దూ వేరు. పరదా వెనక పెరిగిన ఆ భాషను బేగమాతీ జబాన్ అంటారు. ఫారసీ బరువు అందులో తక్కువ, సామెత, శాపనార్థం, ముద్దుమాట ఎక్కువ. ఢిల్లీకి చెందిన సయ్యద్ అహ్మద్ దెహ్లవీ ఆడవాళ్ల మాటలకంటూ విడిగా 'లుగాత్-ఉన్-నిసా' అనే నిఘంటువే కూర్చారు. ఆయన పెద్ద నిఘంటువు పేరు 'ఫర్హంగ్-ఎ-ఆసఫియా'. నిజాం ఆదరణతో వెలువడింది కాబట్టి అసఫ్‌జాహీ వంశం పేరు దానికి స్థిరపడింది. ఢిల్లీ, లక్నోల ఇళ్లలో మాట్లాడుకున్న మాటలు భద్రంగా మిగలడంలో మన హైదరాబాద్ సొమ్ముకూ పాలుందని తెలిసినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది.

మున్షీజీ భార్య ఖిడ్‌కీ దగ్గర చెప్పింది ఒక్క ముక్కే: కాన్పూరు పిల్ల ఉత్తరం రాసింది, పండ్ల సంగతి అడగలేదు. అడగలేదు అన్నందులోనే అంతా ఉంది. మీర్ సాహిబ్ బేగం "నౌజ్!" అని చెంపలు వేసుకుంది. నౌజ్ అంటే దేవుడా, అలా జరగకుండుగాక అని. ఆ మాట ఆడవాళ్ల నోటే వినిపిస్తుంది. మున్షీజీ ఎందుకలా అన్నాడో, కుంజ్‌డా ఎప్పుడొచ్చాడో అరగంటలో ఆవిడకు తెలిసిపోయింది.

మర్నాడు తెల్లవారుజామున మీర్ సాహిబ్ తానే దగ్గరుండి 100 పండ్లు దింపించాడు. ఈదురుగాలికి రాలినవి కాదు, జాలీ కట్టిన గడకర్రతో ముచికతో సహా కోసినవి. వాటిని బుట్టలో గడ్డి పరిచి పేర్చి ఖిడ్‌కీ దగ్గర పెట్టించి, ఒక చీటీ రాశాడు: "ఆప్ కీ అమానత్ హమారే యహాఁ పడీ హై. హుక్మ్ హో తో భిజ్వా దూఁ." మీ సొమ్ము మా దగ్గర దాచి ఉంది. ఆజ్ఞ అయితే పంపిస్తాను.

అమానత్ అంటే నమ్మి దాచుకోమని ఇచ్చిన సొత్తు. దాన్ని తిరిగి ఇవ్వడం దయ కాదు, బాకీ. ఇచ్చేవాడు ఒక్క మాటతో తనను దాత స్థానం నుంచి దింపేసుకున్నాడు. మున్షీజీకి పుచ్చుకోవడంలో చిన్నతనం లేకుండా చేశాడు. 'ఆప్ కే దరఖ్త్' అన్న పుల్లటి మాటకు 'ఆప్ కీ అమానత్' జవాబు. అదే 'ఆప్', గోడకు అవతలి వైపు నుంచి తిరిగి వచ్చింది. సంజాయిషీ లేదు, క్షమాపణ లేదు, కుంజ్‌డా ఊసే లేదు.

అది మామిడిపండు కావడంలోనూ ఒక కారణముంది. దీన్ని దాచకూడదు. ఆ రోజుల్లో ఇలాంటి ఇరుగుపొరుగుల మధ్య వండిన అన్నం గోడ దాటేది కాదు. మీర్ సాహిబ్ ఇంట్లో వండిన పులావు మున్షీజీ ఇంటి ఆడవాళ్లు ముట్టరు. పండుకు ఆ అంటు లేదు. తొక్కలో ఉన్న పండును ఎవరు ఎవరికైనా ఇవ్వొచ్చు, ఎవరి ఇంట్లోనైనా తినొచ్చు. ఆ రెండిళ్ల మధ్య స్వేచ్ఛగా నడవగలిగింది ఆ చెట్టు కాపు ఒక్కటే. మొదటి చిత్తులో నేను ఇద్దరినీ ఒకే దస్తర్‌ఖాన్ మీద భోజనానికి కూచోబెట్టాను. మాస్టారు ఆ పేరా కొట్టేసి, "అలా జరిగితే ఎంత బాగుండును. కానీ మీ మున్షీజీ ఇంట్లో ఆ రాత్రి ఏం గొడవ జరుగుతుందో అదీ రాయాలి మరి" అన్నారు.

బుట్ట వెళ్లింది. అందులోంచి మరో చిన్న బుట్ట కాన్పూరుకు వెళ్లింది. ఇక ఆనవాయితీ ప్రకారం ఖాళీ బుట్ట తిరిగి రావాలి, ఖాళీగా మాత్రం రాకూడదు. మన ఇళ్లలో కూడా పక్కింటివాళ్ల గిన్నె ఉత్తగా తిరిగి ఇవ్వం, కనీసం చిటికెడు పంచదారైనా వేసి ఇస్తాం. మీర్ సాహిబ్ ఎదురుచూశాడు. సావన్ వచ్చింది, వానలు పడ్డాయి, బుట్ట రాలేదు. భాదోఁ వెళ్లింది. రాలేదు. మున్షీజీ సాయంత్రం కబుర్లకు వస్తున్నాడు, నవ్వుతున్నాడు, మీర్ సాహిబ్ కవిత్వం వినిపిస్తే వాహ్ అంటున్నాడు. బుట్ట మాట లేదు. మీర్ సాహిబ్ అడగడు. ఆయన బేగానికి మాత్రం ఖిడ్‌కీ ద్వారా అన్నీ తెలుసు. ఆవిడ నోరు విప్పదు.

గోడకు అవతల జరుగుతున్నది ఇది. మున్షీజీ ఏడాది వయసున్న మామిడి మొక్కను కుండీతో సహా తెచ్చి, బల్ల మీద బల్ల ఎక్కించి, తన వైపు కొమ్మ ఎత్తుకు చేర్చాడు. ఆ ఏడు కాయలు లేకుండా చిగురు వేసిన కొమ్మ అది. అందులో కుండీ మొక్క కాండమంత లావున్న రెమ్మను ఎంచుకున్నాడు. కాండానికీ రెమ్మకూ ఎదురెదురుగా రెండంగుళాల మేర బెరడు, దాంతోపాటు పలచగా కొంచెం చెక్క చెక్కాడు. రెండు గాయాలనూ ఒకదానికొకటి ఆనించి నారతో బిగించి, పైన మట్టి మెత్తాడు. అంటు కట్టడంలో ఇది పాత పద్ధతి. రెమ్మను తల్లి నుంచి వెంటనే కోయరు. రెండూ అతికేదాకా రెమ్మకు తల్లి చెట్టు పాలిస్తూనే ఉంటుంది. వానాకాలం గాలిలో తేమ ఉంటుంది కాబట్టి అప్పుడే కడతారు. రెండు మూడు నెలల్లో అతుకు ముదురుతుంది. కట్టు వదులైనా, కుండీ కదిలినా, మధ్యలో నీళ్లు దిగినా అతుకు నల్లబడి పోతుంది. రెమ్మ ఆకులు వాడకుండా, కట్టు దగ్గర బుడిపెలా ఉబ్బుతుంటే అతుకుతోందని గుర్తు. మున్షీజీ రోజూ పొద్దున్నే కళ్లజోడు పెట్టుకుని ఆ బుడిపెను చూసుకునేవాడు. ఆఖరికి కుండీ మొక్క తలను అతుకు పైన కోసి, తల్లి రెమ్మను అతుకు కింద కోశాడు.

విత్తు నాటితే సరిపోదా అంటే, సరిపోదు. ఆ ప్రాంతపు మామిడిలో టెంక నుంచి మొలిచిన చెట్టు తల్లిలాగే కాస్తుందన్న నమ్మకం లేదు. రుచి మారొచ్చు, పులుపు తేలొచ్చు. అంటు కడితేనే అదే చెట్టు మళ్లీ వస్తుంది. మొదలు దగ్గర గోడ పగిలిపోతున్న ఆ ముసలి చెట్టు ఇంకెన్నాళ్లు ఉంటుందో ఇద్దరికీ తెలియదు.

కువార్ నెలలో, అంటే మన ఆశ్వయుజంలో, బుట్ట తిరిగి వచ్చింది. అందులో కుండీ, కుండీలో మోకాలెత్తు మొక్క. చీటీలో ఒక్క వాక్యం: "ఉమ్ర్ భర్ కలమ్ చలాయా, అబ్ కే కలమ్ లగాయా హై." బతుకంతా కలం నడిపాను, ఈసారి కలమ్ నాటాను. ఉర్దూలో రాసే కలానికీ, అంటు కట్టిన మొక్కకూ మాట ఒకటే, కలమ్. రెండింటినీ కోసి చెక్కడమే అందుకు కారణం. రెల్లుకాడను చెక్కితే రాసే కలమ్, రెమ్మను చెక్కితే నాటే కలమ్. దస్తావేజుల మున్షీ నోట ఈ మాట అంతకన్నా సహజంగా ఇంకెలా వస్తుంది? ఇది తెలుగులోకి మార్చబోతే జారిపోతుంది. మనకు కలం ఉంది, అంటు ఉంది, రెండూ కలవవు. ఆ చీటీలో మామిడిపండ్లకు కృతజ్ఞత లేదు, ఆనాటి పుల్లటి మాటకు పశ్చాత్తాపమూ లేదు. ఆ రెండింటినీ మొక్కే చెప్పాలి.

ఇదే కథను మన హైదరాబాద్ పాతబస్తీ దక్కనీలో రాయొచ్చా అని నన్ను ఒకరిద్దరు అడిగారు. రాయొచ్చు, కానీ అది వేరే కథ అవుతుంది. హౌ, నక్కో, కాయ్‌కూ అనే భాషలో ఇద్దరు పొరుగువాళ్లు సాయంత్రానికల్లా తేల్చేసుకుంటారు. కోపం వస్తే కోపమే కనబడుతుంది, నవ్వొస్తే నవ్వే. ఆ భాషకు దాని ప్రేమ దానికుంది, దక్కనీ వచనం 1635 నాటి వజ్హీ 'సబ్‌రస్' అంత పాతది కూడా. కానీ మూడు నెలలు బుట్ట ఆపుకుని కూచోవడం ఆ భాషలో కుదరదు. ఈ కథకు లక్నోయే కావాలి.

నా కథలో ఆఖరి సన్నివేశం ఇది. మీర్ సాహిబ్ కుండీని రెండు చేతులా పట్టుకుని గోడ సందు దగ్గరికి వచ్చాడు. మొక్క ఎక్కడ నాటాలన్నది ప్రశ్న. తన వైపు నాటితే తనదవుతుంది. మున్షీజీ వైపు నాటమంటే కానుకను తిప్పి పంపినట్టవుతుంది. ఆయన సందులోంచి పిలిచాడు: "హమ్‌సాయే, జరా దేఖియే తో, సాయా కిధర్ పడేగా?" కొంచెం చూసి చెప్పండి, నీడ ఎటు పడుతుంది? 30 ఏళ్లలో మొదటిసారి ఆయన మున్షీజీని మున్షీ సాహిబ్ అనకుండా ఆ మాటతో పిలిచాడు. అవతల తఖ్త్ కిర్రుమంది. మున్షీజీ చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడు వినిపించింది.